పాలకొల్లు నుంచి 42 స్టాపులు: వరస తప్పు కాదు, దూరం తప్పు

ప్రశ్న: పాలకొల్లులో మాది చిన్న డిస్ట్రిబ్యూషన్ గోడౌన్. ఒక్కటే వ్యాను. రోజుకి 42 కొట్లకి సరుకు వేయాలి. కొన్ని నరసాపురం, మొగల్తూరు వైపు, మిగతావి చించినాడ బ్రిడ్జి అవతల దిండి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు. ఎక్సెల్‌లో లాటిట్యూడ్, లాంగిట్యూడ్ పెట్టి, ఉన్న చోటికి ఏది దగ్గరైతే అది తర్వాత వచ్చేలా వరస తీశాను. మ్యాపులో చక్కగానే ఉంది కానీ డ్రైవరు ఆ వరసలో వెళ్లనంటున్నాడు. దీనికి మంచి అల్గారిథం ఏదైనా ఉందా, లేక రెండో బండి పెట్టుకోవాలా?

సమాధానం:

మీ డ్రైవరు చెప్పేదే నిజమండి. అల్గారిథం మార్చే ముందు ఎక్సెల్‌లో దూరం కొలిచే సూత్రం మార్చాలి. లాటిట్యూడ్, లాంగిట్యూడ్‌తో వచ్చేది కాకి ఎగిరే దూరం. మెట్ట ప్రాంతంలో అయితే దానికి ఓ 30 శాతం కలుపుకుని పని కానిచ్చేయొచ్చు. గోదారి పాయల మధ్య ఆ ఉజ్జాయింపు పనికిరాదు. నరసాపురం, సఖినేటిపల్లి మ్యాపులో పక్కపక్కనే ఉంటాయి, రేవులో నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తుంది. కానీ మధ్యలో వశిష్ఠ ఉంది. బండ్లని ఏరు దాటించే పంటు ఎక్కకుండా రోడ్డు మీద వెళ్లాలంటే నరసాపురం నుంచి పాలకొల్లు వచ్చి, చించినాడ దగ్గర బ్రిడ్జి దాటి, దిండి, మలికిపురం మీదుగా మళ్లీ కిందకి దిగాలి. మీ షీటుకి ఆ ఏరు ఉన్నట్టే తెలియదు.

ఇది వరసను ఎలా పాడుచేస్తుందో ఒక చిన్న లెక్కలో చూపిస్తాను. కొట్లను ఊరివారీగా కలిపి 8 స్టాపులు చేసుకుందాం. గోదారికి ఇవతల చించినాడ, నరసాపురం, మొగల్తూరు. అవతల దిండి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. బయల్దేరేదీ తిరిగొచ్చేదీ పాలకొల్లు. కింది నిమిషాలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను గుండ్రంగా వేసుకున్నవి. మీ బండికి, మీ టైముకి వేరే అంకెలు రావచ్చు, ఊళ్ల అమరిక మాత్రం ఇదే.

```
పాలకొల్లు – చించినాడ        15
చించినాడ – దిండి (బ్రిడ్జి)     10
దిండి – రాజోలు              15
దిండి – మలికిపురం           15
రాజోలు – మలికిపురం          15
మలికిపురం – సఖినేటిపల్లి      15
మలికిపురం – అంతర్వేది        25
సఖినేటిపల్లి – అంతర్వేది       20
పాలకొల్లు – నరసాపురం        20
నరసాపురం – మొగల్తూరు       20
```

నేరుగా రోడ్డు లేని జంటలకి మధ్య ఊళ్ల మీదుగా కూడుకోవాలి. ఉదాహరణకి సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి రోడ్డు మీద 15 + 15 + 10 + 15 + 20, మొత్తం 75 నిమిషాలు.

ఇప్పుడు మీ పద్ధతినే, కాకి దూరంతో నడిపిద్దాం. పాలకొల్లు నుంచి చించినాడ, దిండి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. ఇంతవరకూ బాగానే ఉంది. సఖినేటిపల్లి నుంచి దగ్గరిది ఏది? షీటు ప్రకారం అంతర్వేది కాదు, నరసాపురం. కాబట్టి వరసలో నరసాపురం వస్తుంది, దాని తర్వాత మొగల్తూరు, చివరికి మిగిలిపోయిన అంతర్వేది, అక్కడి నుంచి ఇంటికి. రోడ్డు నిమిషాలతో కూడితే: 15 + 10 + 15 + 15 + 15 + 75 + 20 + 105 + 65 = 335 నిమిషాలు. ఆ 105 మొగల్తూరు నుంచి అంతర్వేదికి. మ్యాపులో చూస్తే ఏటికి అడ్డంగా గీసిన ఒక మామూలు గీత. రోడ్డు మీద వచ్చిన దారినే పాలకొల్లు దాకా వెనక్కి వచ్చి, రెండోసారి చించినాడ బ్రిడ్జి ఎక్కి, అంతర్వేది దాకా దిగడం. డ్రైవరు వెళ్లనన్నది ఇలాంటి చోటే అయ్యుంటుంది.

పద్ధతి ఏమీ మార్చకుండా, కాకి దూరం తీసేసి రోడ్డు నిమిషాలు పెట్టి చూడండి. సఖినేటిపల్లి దాకా అదే వరస. అక్కడి నుంచి నరసాపురం 75 నిమిషాలు, అంతర్వేది 20. కాబట్టి అంతర్వేది. అక్కడి నుంచి నరసాపురం 85, తర్వాత మొగల్తూరు 20, ఇంటికి 40. మొత్తం 235. వంద నిమిషాలు తగ్గింది. దగ్గరిది ఎంచుకుంటూ పోయే అదే ముతక పద్ధతి, దానికి ఇచ్చిన దూరం మాత్రమే మారింది. పైగా ఈ 8 స్టాపులకి 235 కంటే తక్కువ రానే రాదు. నరసాపురం, మొగల్తూరు ఒకే దారి చివర ఉన్నాయి, పోయి రావడానికి 80 తప్పదు. బ్రిడ్జి మీదుగా దిండికి పోయి రావడానికి 50. దిండి, రాజోలు, మలికిపురం చుట్టడానికి 45. మలికిపురం, అంతర్వేది, సఖినేటిపల్లి చుట్టడానికి 60. కూడితే సరిగ్గా 235.

ఏ వరస అయినా బాగుందో లేదో కంప్యూటర్ లేకుండానే పసిగట్టే ఉపాయం ఒకటి ఇందులో ఉంది. బండి బ్రిడ్జిని ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టండి. ఇవతల బయల్దేరి ఇవతలికే రావాలి కాబట్టి దాటడాలు ఎప్పుడూ సరిసంఖ్యే. అవతలి ఊళ్లన్నిటికీ దారి ఒక్క బ్రిడ్జే అయితే, మంచి వరసలో అది రెండుసార్లే రావాలి, ఒకసారి పోవడానికి, ఒకసారి రావడానికి. నాలుగు వచ్చిందంటే అందులో రెండు దండగ. కారణం తేలికే. బండి మొదటి విడత అవతలి ఊళ్లు చూసుకుని దిండి వైపు బ్రిడ్జి మొదటికి వచ్చిందనుకోండి. ఇప్పుడు దాటేసి, ఇవతల పని చూసుకుని, మళ్లీ దాటి అదే చోటికి వస్తుంది. ఆ రెండో విడతని దాటకముందే, అక్కడి నుంచే మొదలుపెడితే సరిపోతుంది కదా. ఇవతలి పనులు కూడా అలాగే చించినాడ వైపు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అవతల తిరిగేది అంతే, ఇవతల తిరిగేది అంతే, బ్రిడ్జి మీద రెండు ప్రయాణాలు మాత్రం మిగులుతాయి. పై 335 నిమిషాల వరసలో బ్రిడ్జి నాలుగుసార్లు వచ్చింది.

రెండు బ్రిడ్జిలు ఉన్నప్పుడు ఈ లెక్క కొంచెం సడలుతుంది. రేపు మీ స్టాపులు రావులపాలెం దాకా పెరిగితే చించినాడలో దాటి, సిద్ధాంతం బ్రిడ్జి మీదుగా వెనక్కి రావచ్చు. అప్పుడు ఒక్కో బ్రిడ్జి ఒక్కసారే వస్తుంది, వశిష్ఠ మీద మొత్తం దాటడాలు మాత్రం సరిసంఖ్యే. రాజోలు నుంచి రావులపాలెం, అమలాపురం వైపు వెళ్తే వైనతేయ పాయ కూడా అడ్డొస్తుంది. దానికి బోడసకుర్రు బ్రిడ్జి ఒకటి, పి.గన్నవరం అక్విడక్టు ఒకటి. ఏ పాయ మీద ఎన్ని దాటడాలు అని విడివిడిగా చూసుకోండి.

ఇక పంటు సంగతి. దీన్ని చాలామంది అయితే పూర్తిగా మర్చిపోతారు, లేకపోతే మామూలు రోడ్డులా లెక్కేస్తారు. రెండూ నష్టమే. పై ఉదాహరణలో మలికిపురం తర్వాత సఖినేటిపల్లి, అంతర్వేది అన్న వరసకీ, అంతర్వేది, సఖినేటిపల్లి అన్న వరసకీ మొత్తం ఒకటే, 235. లెక్కకి రెండూ సమానమే కానీ నేనైతే రెండోదే తీసుకుంటాను. పాలకొల్లు, చించినాడ, దిండి, రాజోలు, మలికిపురం, అంతర్వేది, సఖినేటిపల్లి, అక్కడి నుంచి నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు. ఎందుకంటే సఖినేటిపల్లి చేరేసరికి అవతలి పని మొత్తం అయిపోతుంది, ఇక మిగిలింది నరసాపురం వైపే, బండి నిలబడింది రేవు పక్కన. పంటు ఉంటే ఎక్కండి. ఎదురుచూపు, ఎక్కించడం, దాటడం, దించడం అన్నీ కలిపి 30 నిమిషాలు పట్టిందనుకుంటే మొత్తం 190కి దిగుతుంది. పంటు లేకపోతే వరస ఏమీ మార్చక్కర్లేదు, రోడ్డు పట్టుకుని 75 నిమిషాల్లో నరసాపురం చేరతారు, మొత్తం 235. అంటే పంటు దొరకని రోజు కూడా మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, రేవులో ఊరికే నిలబడకుండా ఉంటే చాలు. డ్రైవరుకి చెప్పాల్సింది ఒక్క అంకె: ఎదురుచూపుతో కలిపి 75 నిమిషాల లోపు అవతలి ఒడ్డున దిగుతాననుకుంటే రేవుకి వెళ్లు, లేదంటే రోడ్డు. పంటు టికెట్టు, మిగిలే డీజిలు కూడా పక్కన వేసుకోండి. ఆ లోడుతో మీ వ్యానుని ఎక్కించుకుంటారో లేదో ముందే రేవులో అడిగి పెట్టుకోండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజులు వేరే సంగతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీళ్లు పెరిగితే పంట్లు ఆపేస్తారు, లంకలకి పోయే కాజ్‌వేలు మునుగుతాయి. అందుకని నిమిషాల పట్టికలు రెండు తయారుగా పెట్టుకోండి, పంటుతో ఒకటి, పంటు లేకుండా ఒకటి. లంక స్టాపులు ఏవైనా ఉంటే వాటిని రెండో పట్టికలోంచి తీసేయండి. వరద రోజు పొద్దున్నే ఏ పట్టిక వాడాలో తేల్చుకుంటే చాలు.

ఇప్పుడు అసలు పని, 42 కొట్లకి ఆ పట్టిక తయారు చేయడం. గోడౌన్‌తో కలిపి 43 చోట్లు, అంటే 43 అడ్డం 43 నిలువు గళ్లు. చేత్తో అయ్యేది కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఓఎస్ఆర్ఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాని టేబుల్ సర్వీసుకి అన్ని చోట్ల కోఆర్డినేట్లు ఒకేసారి ఇస్తే ప్రతి జంటకీ రోడ్డు మీది సెకన్లు, మీటర్లు ఇచ్చేస్తుంది. సెకన్లని 60తో భాగించి నిమిషాలు చేసుకోండి. రూపం ఇలా ఉంటుంది:

```
/table/v1/driving/LON1,LAT1;LON2,LAT2;LON3,LAT3?annotations=duration,distance
```

లాంగిట్యూడ్ ముందు, లాటిట్యూడ్ తర్వాత. గూగుల్ మ్యాప్స్‌లో కాపీ చేస్తే ఇది తిరగబడి వస్తుంది, చూసుకోండి. మనవైపు లాంగిట్యూడ్ 81తో, లాటిట్యూడ్ 16తో మొదలవుతాయి కాబట్టి కంటికే తెలిసిపోతుంది. ఇంకోటి, దాని మామూలు కారు ప్రొఫైలు మ్యాపులో గీసి ఉన్న ఫెర్రీలను కూడా దారిగానే తీసుకుంటుంది, రేవులో ఎదురుచూపు మాత్రం దానికి తెలియదు. సొంత సర్వరు మీద నడిపేటప్పుడు `exclude=ferry` అని కలిపితే పంటు లేని పట్టిక వస్తుంది. పంటు ఉన్న పట్టిక కావాలంటే రెండు రేవులను కూడా చోట్లుగా కలిపి ఈ పంటు లేని పట్టికనే తీసుకోండి. అందులో ఒక కొట్టు నుంచి సఖినేటిపల్లి రేవుకి, పంటుకి మీరు వేసుకున్న నిమిషాలు, నరసాపురం రేవు నుంచి రెండో కొట్టుకి, ఈ మూడూ కూడండి. అది రోడ్డు టైము కంటే తక్కువైతే ఆ గడిలో దాన్ని పెట్టండి.

పట్టిక చేతికొచ్చాక నమ్మేయకండి. డెల్టాలో దీనికి ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది, అది కాలవ గట్టు. మన దగ్గర చాలా కాలవలకి రెండు గట్ల మీదా రోడ్లుంటాయి. కొట్టు కాలవకి తూర్పు గట్టు మీద ఉంది, ఫోన్‌లో తీసిన పిన్ను కొన్ని మీటర్లు పక్కకి పడింది. సాఫ్ట్‌వేర్ ఆ పిన్నుకి దగ్గరగా ఉన్న రోడ్డుని వెతుక్కుని అతికించుకుంటుంది, అది పడమటి గట్టు రోడ్డు అయిపోతుంది. కాగితం మీద ఇరవై మీటర్ల తేడా, బండికి మాత్రం తర్వాతి వంతెన దాకా వెళ్లి వెనక్కి రావడం. అలాంటి పిన్ను ఒక్కటి ఉంటే ఆ కొట్టుకి సంబంధించిన గళ్లన్నీ తప్పే, దాని పక్క కొట్లు కూడా వరసలో చెల్లాచెదురైపోతాయి.

దీన్ని పట్టుకునే దారి రెండు రకాలు. ఓఎస్ఆర్ఎం జవాబులో ప్రతి చోటుకీ అది అతికించుకున్న రోడ్డు బిందువు `location` అని, మీ పిన్నుకీ దానికీ మధ్య ఎన్ని మీటర్లో `distance` అని వస్తాయి. ఈ దూరం 20, 30 మీటర్లు దాటినవన్నీ మ్యాపులో తెరిచి చూడండి. రెండోది, ప్రతి జంటకీ రోడ్డు దూరాన్ని కాకి దూరంతో భాగించి, 3 కంటే ఎక్కువ వచ్చినవి పైకి వచ్చేలా జాబితా తీయండి. అందులో ఏటికి అటూ ఇటూ ఉన్న జంటలు ఉంటే అది సహజం, అవి ఉండాల్సిందే. కానీ ఒకే ఊళ్లో రెండు కొట్ల మధ్య 3 దాటిందంటే గట్టు మారిపోయి ఉండొచ్చు, లేదా మ్యాపులో వంతెన లేకపోయి ఉండొచ్చు. గట్టు మారితే పిన్నుని కొట్టు కప్పు మీద కాకుండా బండి ఆగే రోడ్డు మధ్యలోకి జరపండి. వంతెన లేకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే గీయొచ్చు, తర్వాత కొత్త డేటాతో సర్వరుని మళ్లీ తయారు చేసుకోవాలి. దీనికి తలకిందులుగా, మనుషులు నడిచే సన్న వంతెనని మ్యాపులో ఎవరో రోడ్డుగా గీసేసి ఉంటే నిష్పత్తి చక్కగా 1.2 అని వస్తుంది, ఏ పరీక్షకీ దొరకదు. అది మీ డ్రైవరు మాత్రమే చెప్పగలడు. పట్టిక రాగానే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అతనికి బాగా తెలిసిన ఓ పది జంటలు చదివి వినిపించండి.

పట్టిక సరైనదైతే వరస తీయడం తేలిక భాగం. దీన్నే ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య అంటారు, పేరు వినగానే అసాధ్యం అన్న టెన్షన్ వద్దు. 42 స్టాపుల వరసలన్నీ లెక్కపెడితే 52 అంకెల సంఖ్య అవుతుంది, ఒక్కొక్కటి సరిచూడటం ఎవరి వల్లా కాదన్నది నిజమే. కానీ అన్నీ చూడక్కర్లేదు. 1954లోనే డాంట్జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అమెరికాలోని 49 ఊళ్లకి ఇంతకంటే మంచిది లేదని రుజువుతో సహా వరస తేల్చారు. ఇప్పుడు మీ సైజుకి మామూలు ల్యాప్‌టాప్ మీద పని నిమిషాల్లో అయిపోతుంది.

దగ్గరిది ఎంచుకునే పద్ధతి మొదలుపెట్టడానికి పనికొస్తుంది, కానీ 42 స్టాపుల్లో అది రోడ్డు దూరంతో కూడా కొన్నిటిని మధ్యలో వదిలేసి, చివర్లో వాటి కోసం ఊరంతా పరిగెత్తిస్తుంది. వరసలో చివరి మూడు నాలుగు అంగలు మిగతావాటి కంటే బాగా పొడుగ్గా ఉంటే అదే గుర్తు. దానికి రెండు మరమ్మతులు చాలు. ఒకటి ఆర్-ఆప్ట్: వరసలో పక్కపక్కనే ఉన్న ఒకటి, రెండు లేదా మూడు స్టాపులను ఉన్న చోటు నుంచి పీకి ఇంకోచోట పెట్టి చూడటం. పైన 335 నిమిషాల వరసలో అంతర్వేదిని చివరి నుంచి పీకితే 105, 65 పోయి, మొగల్తూరు నుంచి ఇంటికి 40 వస్తుంది, అంటే 130 తగ్గింది. దాన్ని మలికిపురం, సఖినేటిపల్లి మధ్య పెడితే 25, 20 వచ్చి 15 పోతుంది, అంటే 30 పెరిగింది. నికరంగా 100 తగ్గి 235, అదీ పంటుకి అనుకూలంగా ఉన్న వరసే. రెండోది టూ-ఆప్ట్: వరసలో ఒక ముక్కని తిరగేసి చూడటం. తగ్గితే ఉంచుకోవడం, లేకపోతే వదిలేయడం. ఏ మార్పుతోనూ ఇక తగ్గదు అనేదాకా రెండూ చేస్తూ పోవాలి.

```python
def total(t, r):
    return sum(t[a][b] for a, b in zip(r, r[1:]))

def improve(t, r):            # r: [0, ..., 0]
    best, changed = total(t, r), True
    while changed:
        changed = False
        for i in range(1, len(r) - 1):
            for j in range(i, len(r) - 1):
                seg, rest = r[i:j+1], r[:i] + r[j+1:]
                cand = [r[:i] + seg[::-1] + r[j+1:]]
                if len(seg) <= 3:
                    cand += [rest[:k] + seg + rest[k:]
                             for k in range(1, len(rest))]
                for x in cand:
                    c = total(t, x)
                    if c < best - 1e-6:
                        r, best, changed = x, c, True
    return r, best
```

ఇందులో `t` మీ నిమిషాల పట్టిక, `0` గోడౌన్. ప్రతిసారీ మొత్తం మళ్లీ కూడటం తెలివైన పని కాదు, వేగంగా చేసే దార్లున్నాయి. కానీ 42 స్టాపులకి ఆ తేడా తెలియదు, పైగా మొత్తం కూడటం వల్ల ఒక లాభం ఉంది: వన్‌వేలు, డివైడర్లు వల్ల పోయే టైము, వచ్చే టైము వేరైనా లెక్క తప్పదు. ముక్కని తిరగేసినప్పుడు దాని లోపలి అంగలు కూడా దిశ మారతాయి కదా, రెండు చివర్లు మాత్రమే చూసే వేగం కోడు అక్కడ పొరపడుతుంది.

ఇది ఒక చోట ఇరుక్కుపోయి ఇంతే అనుకోవచ్చు. అందుకని ఓ యాభై సార్లు, ప్రతిసారీ స్టాపులను అడ్డదిడ్డంగా కలిపిన వరసతో మొదలుపెట్టి, అన్నిట్లో తక్కువది తీసుకోండి. ఆ తక్కువ అంకె చాలాసార్లు మళ్లీ మళ్లీ వస్తుంటే ఇక వెతకక్కర్లేదు. ప్రతిసారీ వేరే అంకె వస్తుంటే ఇంకా నడపండి. వచ్చిన వరసని మ్యాపులో తిన్నని గీతలతో గీసి గీతలు ఒకదాన్నొకటి కోస్తున్నాయని కంగారుపడకండి. కోసుకోకూడదన్న సూత్రం కాకి దూరానికి చెందింది. రోడ్డు లెక్కలో మంచి వరస కూడా గీతలుగా చూస్తే చిందరవందరగా కనిపించొచ్చు. చూడాల్సింది బ్రిడ్జి దాటడాలు.

ఓఎస్ఆర్ఎంలో `trip` అని ఇంకో సర్వీసు ఉంది, అది వరస కూడా తనే తీసి ఇస్తుంది. అయితే 10 స్టాపులు, అంతకంటే ఎక్కువైతే అది కూడా ఉజ్జాయింపు పద్ధతే వాడుతుంది, పంటు గురించి మీ ఇష్టాయిష్టాలు దానికి చెప్పలేరు. పోల్చి చూసుకోవడానికి మాత్రం బాగుంటుంది: మీ కోడు దానికంటే ఎక్కువ అంకె ఇస్తే మీ దగ్గర ఏదో తేడా ఉన్నట్టు. గూగుల్ మ్యాప్స్ యాప్ మీరిచ్చిన వరసలో దారి చూపిస్తుంది తప్ప వరస మార్చదు.

ఒక హద్దు గుర్తుంచుకోండి. ఒక్కో కొట్టు దగ్గర సరుకు దించడం, బిల్లు, పాత బాకీ మాటలు కలిపి 7 నిమిషాలనుకుంటే 42 కొట్లకి 294 నిమిషాలు. అది ఏ వరసలోనైనా తగ్గదు. ప్రయాణం 235 ఉన్నా రెండూ కలిపి దాదాపు 9 గంటలు. మధ్యాహ్నం మూసే కొట్లు, పొద్దున్నే కావాలనేవాళ్లు ఉంటే వరస ఇంకొంచెం పెరుగుతుంది. అలాంటివి ఐదారే అయితే కోడులో `total` దగ్గర, ఆ కొట్టుకి ఆలస్యమైన ప్రతి నిమిషానికీ జరిమానా కలిపితే సరిపోతుంది. లోడింగు కూడా ఈ వరసకి తలకిందులుగా ఉండాలి. చివరి స్టాపు సరుకు తలుపు దగ్గర పడితే మిగిల్చుకున్న టైమంతా మూటలు జరపడానికే పోతుంది.

రెండో బండి సంగతి ఈ పట్టికే చెప్తుంది. మీ గోడౌన్ సరిగ్గా రెండు వైపులా దారి చీలే చోట ఉంది. ఒక బండి నరసాపురం, మొగల్తూరు పోయి వస్తే 80 నిమిషాలు, ఇంకోటి చించినాడ మీదుగా అవతలి ఊళ్లు చుట్టి వస్తే 155. కూడితే మళ్లీ 235. అంటే రెండో బండి వల్ల రోడ్డు మీద తిరిగేది, డీజిలు ఏమీ పెరగవు. పెరిగేది ఒక డ్రైవరు జీతం, బండి అద్దె. తగ్గేది రోజు పొడవు. 42లో 27 కొట్లు అవతల ఉన్నాయనుకుంటే ఆ బండికి 155, దించడానికి 189, మొత్తం 344 నిమిషాలు, ఆరు గంటల లోపే. ఒక్క బండితో అయితే సఖినేటిపల్లి పంటు దొరికిన రోజు 190, 294 కలిపి 484, ఎనిమిది గంటల పైన. పంటు నడిచే నెలల్లో ఒక్క బండితో నెట్టుకొచ్చి, వరదల నెలల్లో మాత్రం నరసాపురం వైపుకి ఒక ఆటో ట్రాలీ అద్దెకి మాట్లాడుకోవడం కూడా లెక్కేసి చూడండి. మీ అసలు నిమిషాలు, అవతలి కొట్లు ఎన్నో ఇక్కడ పెడితే ఆ లెక్క నేనే వేసి చూపిస్తాను.